వరహాలక్ష్మి ఎడమ చెయ్యి

మా ఆవిడ వరహాలక్ష్మి ఊరు చూపించేది. ఊరంటే ఏదో మహా పట్నం కాదు, మా పెద్దాపురమే. ఆదివారాలూ సెలవు రోజులూ పొద్దున్నే నూలు చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళని వెంటబెట్టుకుని పాండవుల మెట్ట దగ్గర మొదలుపెట్టేది. గుహలు చూపించి, పాత మండువా ఇళ్ళ వీధిలోంచి పట్టు నేసే వీధికి తీసుకెళ్ళి, చివరికి మరిడమ్మ తల్లి గుడి దగ్గర దిగబెట్టేది. మిగతా రోజుల్లో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు. నాది మోటార్లూ మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే కొట్టు. నా పేరు శ్యాంబాబు. నాకు నలుగురిలో మాట్లాడటం రాదు. వచ్చిన నాలుగు మాటలూ తిట్లేనని మా ఆవిడ అనేది. అది కొంత నిజమే.

ఈ పని ఆవిడ వెతుక్కుని పట్టుకున్నది కాదు. ఒకసారి స్కూలు పిల్లల్ని మెట్ట మీదికి తీసుకెళ్ళి గుహల గురించి చెబుతుంటే, కాకినాడ నుంచి వచ్చిన ఒక కుటుంబం పక్కన నిలబడి మొత్తం వింది. దిగేటప్పుడు, "మేడమ్, మా చుట్టాలొస్తున్నారండి, వాళ్ళకీ ఇలాగే చెబుతారా?" అని అడిగారు. ఆ చుట్టాలు ఇంకెవరికో చెప్పారు. ఎవరో పుణ్యాత్ముడు ఫోన్లో ఊరి మ్యాపు కింద ఆవిడ నంబరు కూడా పెట్టేశాడు. అప్పట్నుంచి మా ఇంట్లో ఆదివారం పూట టిఫిను నేనే చేసుకోవాల్సి వచ్చింది.

కథలు నేర్చుకోవడం చూస్తే నాకు విసుగొచ్చేది. ఒక్క ఇంటి సంగతి తెలుసుకోవడానికి ముగ్గుర్ని అడిగేది. ముగ్గురూ మూడు రకాలుగా చెబితే రాజమండ్రి వెళ్ళి లైబ్రరీలో కూర్చునేది. పట్టు నేసే వీధిలో పాపాయమ్మ గారని ఒక ముసలావిడ ఉంది. మగ్గం మీద కూర్చునే ఓపిక పోయినా నోటికి ఓపిక తగ్గలేదు. ఆవిడ అరుగు మీద మా ఆవిడ గంటల తరబడి కూర్చునేది. సాయంత్రం ఇంటికొచ్చాక నాకు అప్పజెప్పేది. నేను ఆర్మేచరుకి తీగ చుట్టుకుంటూ ఊఁ కొట్టేవాణ్ణి. సగం వినేవాణ్ణి కాదు. వినక్కర్లేదు, ఆవిడ ఎక్కడికి పోతుంది, మళ్ళీ చెబుతుందిలే అనుకునేవాణ్ణి.

మొదట్లో ఒక పొరపాటు చేసింది. మెట్ట మీద గుహలోంచి రాజమండ్రి గోదావరి దాకా సొరంగం ఉందని మా ఊళ్ళో చిన్నప్పట్నుంచీ అందరం వింటూ పెరిగాం. అదే చెప్పింది. వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన నవ్వుతూ, "మీరు లోపలికెళ్ళి చూశారాండీ?" అని అడిగాడు. పాపం, ఈవిడ మొహం చిన్నబోయింది. ఇంటికొచ్చి అన్నం తినలేదు. నేను, "ఆయనెవడే, మన సొరంగం సంగతి ఆయనకెందుకు?" అని ఎగిరాను. ఆవిడ మాత్రం, "కాదండీ, ఆయనడిగింది నిజమే. చూసిందీ విన్నదీ ఒక్కలాగే చెబితే ఎలాగ?" అంది. మర్నాడు పొద్దున్న లేచేసరికి ఒక పద్ధతి పెట్టేసుకుంది.

ఆ పద్ధతి ఏంటంటే, నడక మొదలుపెట్టే ముందే అందరికీ చెప్పేది. "నేను కుడి చెయ్యెత్తి చెబితే దానికి శాసనమో, కాయితమో, కళ్ళతో చూసిన ఆధారమో ఉందని అర్థమండి. ఎడం చెయ్యెత్తితే అది జనం చెప్పుకునే మాట. రెండూ వినండి. రెండూ మా ఊరివే. కానీ కలిపెయ్యకండి." ఇక గుహ దగ్గర సొరంగం మాటా, పాండవులు దాక్కున్న మాటా, బండ మీద భీముడి అడుగన్న మాటా అన్నీ ఎడమ చెయ్యే. పిల్లలకైతే అదొక ఆట అయిపోయింది. ఏ చెయ్యి లేస్తుందా అని కాచుకుని చూసేవాళ్ళు.

ఈ రోగం ఇంట్లోకి కూడా వచ్చింది. "రేపు కచ్చితంగా నీ గ్రైండరు బాగుచేస్తానే" అని నేనంటే, పప్పు కలుపుతున్నదల్లా మాట్లాడకుండా ఎడమ చెయ్యి పైకెత్తేది. మా తమ్ముడు ఫోన్ చేసి వచ్చే నెల డబ్బులు పంపేస్తానంటే, స్పీకరు ఆన్లో పెట్టుకుని వింటున్న నా ఎదురుగా ఎడమ చెయ్యి. నాకు ఒళ్ళు మండేది, నవ్వూ వచ్చేది. ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగేవాణ్ణి.

రేటు విషయం మాత్రం నవ్వుకునేది కాదు. ఎంత తీసుకోవాలో ఆవిడకి తెలియలేదు. నేను, "తలకింతని పెట్టవే, గొడవుండదు" అన్నాను. ఎంత మాటన్నారన్నట్టు చూసింది నావంక.

"మనూరొచ్చినవాళ్ళని తలలు లెక్కపెడతామాండీ? ముసలమ్మనీ, చంకలో పిల్లనీ కూడా లెక్కేసి అడగనా? పెళ్ళిలో విస్తళ్ళ దగ్గర కూడా అలా లెక్కపెట్టరు."

"ఇది పెళ్ళి కాదే తల్లీ!"

"ఏదైనా సరే. ముగ్గురొచ్చినా ఒకటే, పదిమందొచ్చినా ఒకటే. గ్రూపుకి ఇంతని తీసుకుంటాను."

అలా అయిదు వందలని పెట్టింది. గ్రూపంటే ఎంతమందో చెప్పలేదు. గోదావరి వాళ్ళం కదా, అతిథుల్ని లెక్కపెట్టడం మాకు నామోషీ. లెక్కపెట్టనందుకు తర్వాత ఏం జరుగుతుందో ఆలోచించే తెలివి ఎవరికీ లేకపోయింది. ఆ అయిదు వందల్లో కూడా పాపాయమ్మ గారింట్లో మగ్గం చూపించినందుకు కొంత అక్కడ పెట్టి వచ్చేది.

రాజమండ్రిలో గణేష్‌బాబని ఒకడు ట్రావెల్స్ నడుపుతాడు. పంచారామాల బస్సులు వేస్తాడు. తెల్లవారుజామున సామర్లకోట భీమేశ్వరుడి దర్శనం అయ్యాక, మా ఊరు పక్కనే కదా అని బస్సు ఇటు తిప్పడం మొదలుపెట్టాడు. మొదటిసారి యాభైమందిని దింపాడు. మా ఆవిడ గొడుగు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఇంతమంది వస్తారని చెప్పలేదండి" అంది.

"అయ్యో, గ్రూపంటే గ్రూపే కదండీ అమ్మగారూ! అందరూ మీ పేరు చెప్పుకుని వచ్చారు. కాదనకండి" అన్నాడు. చేతులు జోడించాడు కూడా. వాడి మాట అంత తియ్యగా ఉంటుంది, పూతరేకు కూడా చాలదు.

కాదనలేకపోయింది. ఆ వీధులు ఇద్దరు పక్కపక్కన నడిస్తే నిండిపోతాయి. యాభైమంది బారుగా నిలబడితే చివరివాళ్ళకి వినిపించాలని గొంతు చించుకుని అరవాలి. ముందువాళ్ళకి చెప్పి, వెనక్కి నడిచి వెనకవాళ్ళకి మళ్ళీ చెప్పేది. కార్తీకమాసమంతా వారానికి రెండు బస్సులు, సోమవారం స్కూల్లో మళ్ళీ అరుపు. రేటు పెంచమన్నాను, మనుషుల్ని తగ్గించమన్నాను. "ఈ సీజన్ కానివ్వండి, తర్వాత చెబుతాను. ముందే ఒప్పుకుని ఇప్పుడు మాట మార్చడం బాగోదు" అంది. మొహమాటం! మా జిల్లా నిండా వరి తర్వాత ఎక్కువ పండేది అదే.

నాకు తెలిసిన పని నేను చేశాను. నడుముకి కట్టుకునే చిన్న మైకు సెట్టు తయారుచేసిచ్చాను, బాక్సూ బ్యాటరీ అన్నీ నా చేత్తోనే. ఒక్క ఆదివారమే వాడింది. గుహ దగ్గర మాట గోడకి కొట్టుకుని ముక్కముక్కలుగా వినిపించిందట. పట్టు నేసే వీధిలో ఎవరింట్లోనో పసిపిల్ల ఉలిక్కిపడి లేచి ఏడిస్తే, "ఇదేంటమ్మా, ఎలక్షన్లా?" అని పిల్ల తాతగారు బయటికొచ్చారట. తెచ్చి బీరువా కింద పెట్టేసింది. నేను రెండ్రోజులు మాట్లాడలేదు.

కార్తీకం వెళ్ళేసరికి గొంతు బొంగురుపోయింది. ఎవరూ కంగారుపడలేదు. గైడు గొంతు కదా, టీచరు గొంతు కదా, అరిస్తే బొంగురుపోదా? మిరియాల కషాయం, శొంఠి, పటికబెల్లం, అతిమధురం బుగ్గన పెట్టుకోవడం, ఒకరు చెప్పనిది ఇంకొకరు చెప్పారు. ఆదివారం సెలవు పెడితే కాస్త తగ్గినట్టుండేది. మళ్ళీ బస్సొస్తే మామూలే. "మీ గొంతు అలా ఉంటేనే కథకి బాగుందండి" అని ఒకాయన మెచ్చుకున్నాడట కూడా. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను.

ఆషాఢంలో మరిడమ్మ తల్లి జాతర మొదలైంది. ఊరు ఊరంతా జనం. ఆ రోజుల్లో పాపాయమ్మ గారు కర్ర పొడుచుకుంటూ నా కొట్టుకొచ్చారు. ఆవిడ ఎప్పుడూ అలా రాలేదు.

"ఒరేయ్ అబ్బాయ్, నీ పెళ్ళాం గుటక వేస్తుంటే మొహం చిట్లిస్తోందిరా. నువ్వు చూడ్డం లేదా?"

"అరిచి అరిచి అలా అయిందండి, జాతరయ్యాక రెస్టు తీసుకుంటుంది."

"అరుపూ కాదు, చట్టుబండా కాదు. నేను కొట్లాటల్లో దానికన్నా ఎక్కువే అరిచాను. నాకిలా రాలేదు. రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు."

మర్నాడే కాకినాడ తీసుకెళ్ళాను.

చెవీ ముక్కూ గొంతూ చూసే డాక్టరు శశిభూషణ్ గారు ముక్కులోంచి సన్నటి గొట్టం పెట్టి చూశారు. ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చాక మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి, మాట పెట్టెలో గడ్డ ఉందనీ, అది క్యాన్సరనీ, చుట్టూ పాకిందనీ చెప్పారు. మాట పెట్టె మొత్తం తీసెయ్యాలి. గొంతు మీద పెట్టే కన్నంలోంచే ఊపిరి పీల్చుకోవాలి. ప్రాణానికి భరోసా ఉంది. మాటకి లేదు.

నేను బల్ల మీద కొట్టాను. "వాడేనండీ! ఆ ట్రావెల్స్ వాడే! అయిదు వందలిచ్చి యాభైమందికి వినబడేలా అరిపించాడు మా ఆవిడ చేత!"

డాక్టరు గారు నన్ను అరవనిచ్చారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "అరవడం వల్ల ఇది రాదండి. ఎందుకొచ్చిందో చెప్పలేం. కానీ గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటినా తగ్గకపోతే చూపించుకోవాలి. మొదట్లోనే వచ్చుంటే రేడియేషన్ కరెంటు పెట్టి గొంతు నిలబెట్టేవాళ్ళమేమో. అరుపు వల్లే అనుకుని ఆగిపోయారు. అంతే."

అంతే అన్నారు. నాకు తిట్టడానికి మనిషి దొరికాడనుకున్నాను, ఆ మనిషి కూడా లేకుండా పోయాడు. మా ఆవిడ మాత్రం తలవంచుకుని, "మాట పోయినా ఊరు నడవొచ్చాండీ?" అని అడిగింది. ఆయన నడవొచ్చన్నారు. ఆ ఒక్క ప్రశ్నే అడిగింది.

ఆపరేషన్‌కి వెళ్ళే ముందు ఆదివారం నన్ను పొద్దున్నే లేపింది. "ఏవండీ, తయారవండి. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నాతో నడవలేదు మీరు."

నిజమే. ఊరంతా చూసింది ఆవిడతో, నేను తప్ప. కొట్టు మూసి వెళ్ళాను. మెట్ట దగ్గర నిలబడి, నేనొక్కణ్ణే ఎదురుగా ఉన్నా, ఎప్పటిలాగే మొదలుపెట్టింది. "కుడి చెయ్యెత్తితే ఆధారం ఉందని అర్థమండి." గొంతు గాలిలాగే వస్తోంది. గుహల దగ్గర చెప్పింది. పాత ఇళ్ళ వీధిలో ఏ గుమ్మం మీద ఏ చెక్కడం ఎందుకుందో చెప్పింది. పాపాయమ్మ గారింట్లో మగ్గం మీద చెయ్యి వేసి, పడుగేదో పేకేదో నాకు ఒకటో తరగతి పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. దగ్గొచ్చినప్పుడు ఆగేది. నేను వద్దనలేదు. వద్దంటే ఏడ్చేస్తానని భయమేసింది.

గుడి దగ్గరికొచ్చాక, నవ్వించాలని, "ఎంతివ్వమంటారండీ మేడమ్? నేనొక్కణ్ణే" అన్నాను.

"గ్రూపు రేటేనండి. మనం తలలు లెక్కపెట్టం" అంది. నేను విన్న చివరి వేళాకోళం అదే.

ఆపరేషనయింది. కళ్ళు తెరిచాక ఏదో అనబోయింది. పెదాలు కదిలాయి, ఏమీ రాలేదు. ముందే తెలిసినా ఆవిడ కళ్ళల్లో ఆ బెదురు చూస్తే నా ప్రాణం పోయింది. చెయ్యి పట్టుకుని, "వచ్చేస్తుందే వరహాలూ, మళ్ళీ వచ్చేస్తుంది, నేను చెబుతున్నాగా" అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. చేతికి సెలైను కట్టి ఉంది.

ఇంటికొచ్చాక పలకా బలపం చేతికొచ్చాయి. స్కూలు మానేసింది. గొంతుకి ఆనించుకుని మాట్లాడే మిషను ఒకటి తెచ్చాను. రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంది మాట. ఒక్కరోజు ప్రయత్నించి దాన్ని కూడా బీరువా కింద నా మైకు పక్కనే పెట్టింది. గణేష్‌బాబు కమలాపళ్ళు పట్టుకుని వచ్చాడు. లోపలికి రాలేక గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "నాకు తెలియదండి బాబూ, తెలిస్తే అలా చేసేవాణ్ణా?" అని కళ్ళు తుడుచుకున్నాడు. వాణ్ణి తిట్టాలని దాచుకున్న మాటలన్నీ ఉన్నాయి నా దగ్గర. ఒక్కటీ నోట్లోంచి రాలేదు. మా ఆవిడ కుర్చీ చూపించి కూర్చోమని సైగ చేసింది.

ఫోను మాత్రం మోగుతూనే ఉండేది. ఆదివారం ఉందాండీ అని. నేను లేదని పెట్టేసేవాణ్ణి. ఒకరోజు పలక మీద రాసి నా ముందు పెట్టింది: "మీరు చెప్పండి. నేను నడుస్తాను."

"నేనా? నాకు మాటలెక్కడొచ్చే!" అన్నాను. పలక తుడిచి, మళ్ళీ అదే రాసింది.

నేర్చుకుందామంటే ఎలా నేర్చుకోను? ఆవిడ చెప్పినప్పుడల్లా ఊఁ కొట్టానే గానీ విన్నానా? చివరికి, ఇదివరకు వచ్చినవాళ్ళు తీసి పంపిన వీడియోలు ఆవిడ ఫోన్లో ఉంటే నా ఫోన్లోకి పంపుకున్నాను. మధ్యాహ్నం కొట్లో గిరాకీ లేనప్పుడు సౌండు తగ్గించి వినేవాణ్ణి. గాలి చప్పుడూ, పిల్లల గోలా, వాటి మధ్య ఆవిడ గొంతు. బొంగురుపోకముందుది, నిండుగా, కాస్త నవ్వుతూ. కథ పట్టుకోవాలని వినేవాణ్ణి. కథ వదిలేసి గొంతే వింటూ ఉండిపోయేవాణ్ణి.

ఒకరోజు అలా వింటూ తలెత్తేసరికి గుమ్మంలో ఆవిడ. చేతిలో క్యారేజీ. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఫోన్లోంచి ఆవిడే సొరంగం గురించి చెబుతోంది, పిల్లలు నవ్వుతున్నారు. గబగబా ఆపబోయాను. వద్దని చెయ్యి ఊపింది. స్టూలు మీద కూర్చుని, వీడియో అయిపోయేదాకా తన మాట తనే వింది. తర్వాత క్యారేజీ విప్పి నాకు వడ్డించింది. కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. ఆ పూట ఏం తిన్నానో నాకు తెలియదు.

ఆ రోజు నుంచి తనే నేర్పింది. నేను చెప్పాలి, ఆవిడ వినాలి. తప్పు చెబితే చప్పట్లు. మొదట్లో ఇల్లంతా చప్పట్లే. "నేర్పుతున్నావా, దోమల్ని చంపుతున్నావా?" అని విసుక్కునేవాణ్ణి. చప్పుడు లేకుండా నవ్వేది. రేటు కూడా పలక మీద తనే రాసింది: పదిహేనుమందికి మించి వద్దు, అయిదుగురు దాటితే తలకింత, స్కూలు పిల్లలకి సగం. కింద ఇంకో ముక్క రాసింది: "తలలు లెక్కపెట్టండి."

మొన్న మార్గశిరంలో మొదటి గ్రూపు వచ్చింది. హైదరాబాదు వాళ్ళు, పిల్లలతో కలిపి పన్నెండుగురు. నేను సిగ్గు చంపుకుని ఒక్కొక్కర్నీ వేలుపెట్టి లెక్కపెట్టాను. మా ఆవిడ గొంతు మీద దుమ్ము పడకుండా తెల్లటి బట్ట కట్టుకుని, గొడుగు పట్టుకుని పక్కన నిలబడింది. "నేను చెబుతానండి, చెయ్యి మాత్రం ఆవిడ ఎత్తుతారు. కుడి చెయ్యి ఆధారం ఉన్నది, ఎడమ చెయ్యి జనం అనుకునేది" అని చెప్పాను. మొదట తడబడ్డాను గానీ, గుహల దగ్గరికొచ్చేసరికి మాట దారిలో పడింది. నేను సొరంగం అనగానే ఎడమ చెయ్యి లేచింది. పిల్లలు నవ్వారు. పాత ఇంటి గుమ్మం దగ్గర కుడి చెయ్యి. ఒక్కచోట కూడా చప్పట్లు కొట్టలేదు. నాకు గర్వమనిపించింది, దాచడమెందుకు.

పట్టు నేసే వీధిలో పాపాయమ్మ గారి అరుగు మీద అందరం మంచినీళ్ళకి ఆగాం. వాళ్ళలో కౌముది అనే అమ్మాయి ఉంది. ఏడాదిన్నర కిందట కాలేజీ వాళ్ళతో వచ్చి మా ఆవిడ చెబితే విన్నదట. ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి, "అంకుల్, అప్పుడు మేడమ్ ఎంత బాగా చెప్పారో! మేడమ్‌కి మళ్ళీ మాట ఎప్పుడొస్తుందండి?" అని అడిగింది. మెల్లగానే అడిగింది. కానీ అరుగు మీద అందరికీ వినబడింది.

మూడేళ్ళ పిల్లాడి చేతిలో బిస్కెట్ పెట్టినంత తేలిగ్గా నా నోటికి అబద్ధం వచ్చేసింది. "వచ్చేస్తుందమ్మా. ఉగాదికల్లా వచ్చేస్తుంది. డాక్టరు గారు చెప్పారు."

మగ్గం గుంజ దగ్గర నిలబడి ఉన్న మా ఆవిడ ఎడమ చెయ్యి పైకెత్తింది.

కోపంగా కాదు. సొరంగం మాటకి ఎంత మామూలుగా ఎత్తిందో అలాగే. అందరూ చూశారు. దాని అర్థమేంటో పొద్దున్న చెప్పింది నేనే. కౌముది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాపాయమ్మ గారు అటు తిరిగి కొంగు కళ్ళకద్దుకున్నారు. నేను మా ఆవిడ వంక చూశాను. చెయ్యి దించలేదు. ఇంట్లోలాగా వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగుదామనిపించింది. ఆస్పత్రిలో ఇదే మాట నేను చెప్పినప్పుడు, సెలైను కట్టి ఉండబట్టి ఎత్తలేకపోయిన చెయ్యి అది.

నా కుడి చెయ్యి ఎప్పుడు లేచిందో నాకు తెలియదు.

"రాదండి" అన్నాను. "ఆవిడ గొంతు ఇక రాదు."

అప్పటిదాకా ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. నాతో నేను కూడా అనుకోలేదు. మా ఆవిడ చెయ్యి దించింది. నా దగ్గరికొచ్చి, ఇంకా పైనే ఉన్న నా చేతిని పట్టుకుని దించింది. గొడుగు విప్పి, గుడి వైపు ముందు నడిచింది. పన్నెండుగురున్నారో లేదో ఇంకోసారి లెక్కపెట్టుకుని మేం వెనకాల నడిచాం.